ముందు ఉక్క, తర్వాత కాగితాలు

మా నాన్న విశాఖ రేవులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర బోర్డింగ్ క్లర్కుగా పనిచేసేవారు. ఓడ బెర్తుకు చేరగానే నిచ్చెన ఎక్కి కెప్టెన్ గదికి వెళ్ళాలి. సిబ్బంది జాబితా, సరుకు కాగితాలు తీసుకోవాలి, సంతకాలు పెట్టించుకోవాలి. మంచినీళ్ళు ఎన్ని టన్నులు కావాలో, కూరగాయలు ఏమేం కావాలో, ఎవరికైనా పంటినొప్పో జ్వరమో ఉందేమో కనుక్కుని దిగిరావాలి. ఇవన్నీ చేయడానికి ఆయనకు దొరికేది మహా అయితే గంట. అందులోనూ మొదటి రెండు నిమిషాలు ఆయన పని మాట ఎత్తేవారు కాదు. ఏ దేశపు ఓడ అయినా సరే, కుర్చీలో కూర్చుని, చేతిరుమాలుతో మెడ తుడుచుకుని, "ఈ రోజు చాలా ఉక్కగా ఉంది, కెప్టెన్" అనేవారు ఇంగ్లిషులో.

"ముందు ఉక్క, తర్వాత కాగితాలు" అన్నది ఆయన వృత్తి ధర్మం. ముందే కాగితాలు తీస్తే కెప్టెన్‌కు మనం ప్రభుత్వం మనిషిలా కనిపిస్తామనీ, ఉక్క గురించి మాట్లాడితే మనమూ చెమటపట్టే మనిషిమేనని తెలుస్తుందనీ చెప్పేవారు. నేను కాలేజీలో ఉండగా, 1980ల్లో, సెలవుల్లో తాత్కాలిక పాసు తీయించి నన్ను ఓడల మీదకు తీసుకెళ్ళేవారు. తర్వాత కొన్నేళ్ళు నేనూ ఆ పనే చేశాను. వాతావరణం గురించి మనుషులు మాట్లాడుకునే పద్ధతులు నాకు తెలిసినంతవరకు అక్కడ నేర్చుకున్నవే. పునాది మాత్రం ఇంట్లో పడింది.

మా ఇల్లు పాత ఊళ్ళో, కురుపాం మార్కెట్‌కు దగ్గరగా ఉన్న సన్నటి సందులో. సముద్రం కూతవేటు దూరంలోనే ఉన్నా, గాలి మా సందులోకి తిరగడానికి మొహమాటపడేది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. అది మెట్ట ప్రాంతాల మాట. మా ఇంట్లో రోలు పగలడం అటుంచి, పొద్దున్నే ముట్టుకుంటే చెమ్మగా తగిలేది. అగ్గిపెట్టె పొయ్యి గట్టు మీద ఉండకపోతే పుల్ల వెలిగేది కాదు. వేయించిన అప్పడం అన్నం కలుపుకునేలోగా మెత్తబడేది. అమ్మకు వాతావరణ సూచన చెప్పేది ఉప్పు జాడీ. జాడీలో రాళ్ళ ఉప్పు అడుగున నీరు చేరిందంటే, "ఇవాళ ఇంక గాలి ఆడదు" అనేది.

ఆ మాటలో శాస్త్రం ఉందని చాలాకాలానికి తెలిసింది. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా గాలిలోని నీటిని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. రాళ్ళ ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా ముందే చెమ్మగిల్లుతుంది. ఒక్క లోపం ఏమిటంటే, ఉప్పుకు తేమ తెలుస్తుంది గాని ఉక్క తెలియదు. ఆ తేడా గురించి తర్వాత చెబుతాను.

సాయంత్రం అరుగుల మీద సభ. పక్కింటావిడ చీర కొంగుతో విసురుకుంటూ వచ్చి, "ఏమిటండీ వదినగారూ, ఈ ఉక్క!" అనేది. అమ్మకు తెలియని సంగతి కాదు, ఆమె కూడా విసనకర్ర ఊపుతూనే ఉంది. అయినా ఆ మాట ఇప్పుడే విన్నట్టు, "అబ్బ, చెప్పకండి. నిన్న ఇంత లేదు కదూ" అనేది. నిన్న ఇంతే ఉంది. మొన్నా ఇంతే. కానీ ఆ "నిన్న ఇంత లేదు" అన్నది సంభాషణకు వేసే రెండో మెట్టు. మూడో మెట్టు పక్కింటావిడ వేసేది: "ఫ్యాను తిరుగుతూనే ఉంది, పిల్లాడి వీపు చూడండి, పేలిపోయింది." నాలుగోది మళ్ళీ అమ్మ: "స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్ళీ తడిసిపోతున్నాం." ఇలా ఒకరి మాట మీద ఒకరు కాస్త పెంచుకుంటూ పోవాలి, ఎవరూ తగ్గించకూడదు. చివరికి ఒక చిన్న విరామం వచ్చేది. అప్పుడు పక్కింటావిడ, "సరే గాని, మీ దగ్గర ఒక గ్లాసు పంచదార ఉంటుందా?" అనేది. ఆమె వచ్చింది దానికే. పంచదార కావాలని మొదటి మాటగా అడిగితే అది అప్పు. ఉక్క తర్వాత అడిగితే అది కబుర్లలో ఒక భాగం.

ఒక్కోసారి ఆ "సరే గాని" తర్వాత చాలా పెద్ద విషయాలు వచ్చేవి. మా అక్క పెళ్ళి సంబంధం అలాగే వచ్చింది. ఆ రోజు ఉక్క గురించిన మాటలు మామూలుకన్నా బాగా సాగాయని, ఏదో విశేషం ఉందని అప్పుడే అనుమానం వచ్చిందని అమ్మ చాలా ఏళ్ళు చెప్పుకుంది.

ఈ మెట్ల పద్ధతి తెలియని మనిషి వస్తే ఏమవుతుందో మా మామయ్య వచ్చినప్పుడు చూశాం. ఆయన రామగుండంలో ఉద్యోగం చేసేవారు. ఒక మే నెలలో మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చోగానే ఎదురింటి మాస్టారు, "ఏం బావగారూ, మా ఊరి ఉక్క ఎలా ఉంది?" అని మర్యాదగా పలకరించారు. మామయ్య, "ఇదీ ఒక ఎండేనా మాస్టారూ? ఇక్కడ 34 డిగ్రీలు. మాకు 42, ఒక్కోనాడు 44 కూడా" అన్నారు. మాస్టారు, "అలాగా" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. కాసేపు కూర్చుని లేచి లోపలికి వెళ్ళిపోయారు. మామయ్య చెప్పింది అబద్ధం కాదు. కానీ ఎదుటివాడు ఒక కష్టాన్ని పంచుకోవడానికి ముందుకు తెస్తే, దానికి బదులు తన కష్టాన్ని తూకం వేసి చూపించారు. ఆ రాత్రి మాత్రం ఆయనకు నిద్ర పట్టలేదు. మేడ మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకున్నారు, రామగుండంలో చేసినట్టే. తెల్లారేసరికి తువ్వాలు ఆరలేదు, ఆయనా ఆరలేదు. "అక్కడ ఇది పావుగంటలో ఆరిపోతుంది, చల్లబడుతుంది. ఇక్కడేమిటి ఇలా?" అని పొద్దున్నే నాన్నను అడిగారు.

నాన్న సమాధానం ఓడల మీద నేర్చుకున్నది. ఓడలో కెప్టెన్ నిలబడే వంతెన పక్కన, గాలి తగిలేలా సందులున్న తెల్లటి చెక్కపెట్టె ఉంటుంది. అందులో రెండు థర్మామీటర్లు. ఒకటి మామూలుది. రెండోదాని గుండు చుట్టూ తడి గుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డలోని నీరు ఆవిరయ్యేకొద్దీ ఆ రెండోది చల్లబడి తక్కువ చూపిస్తుంది. డ్యూటీలో ఉన్న అధికారి రెండూ చూసి లాగ్‌బుక్కులో రాస్తాడు. రామగుండంలో 42 డిగ్రీల మధ్యాహ్నం, గాలిలో తేమ 20 శాతం ఉందనుకుందాం. తడి గుడ్డ థర్మామీటరు సుమారు 24 చూపిస్తుంది. విశాఖలో 34 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే, తడి గుడ్డది 29 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ తడిగుడ్డ 18 డిగ్రీలు దిగితే ఇక్కడ 5 డిగ్రీలే దిగింది. మన ఒళ్ళే ఆ తడి గుడ్డ. చెమట పట్టడం వల్ల చల్లబడం, పట్టిన చెమట ఆరడం వల్ల చల్లబడతాం. బంగాళాఖాతం వేసవిలో గోరువెచ్చగా కాగి ఉంటుంది. దాని మీదుగా వచ్చే గాలి అప్పటికే ఆవిరితో బరువెక్కి ఉంటుంది. ఇక మన చెమటకు అందులో చోటెక్కడిది?

మామయ్య శ్రద్ధగా విన్నారు. సాయంత్రం అరుగు మీదకు వచ్చి ఆ లెక్కంతా మాస్టారికి చెప్పారు. మాస్టారు మళ్ళీ, "అలాగా" అన్నారు. ఉక్క గురించి లెక్క చెప్పడం కూడా ఉక్క గురించి మాట్లాడటం కాదని మామయ్యకు బోధపడలేదు.

ఇంతా చెప్పి, మన తెలుగువాళ్ళ మొదటి పలకరింపు వాతావరణం అని అనలేను. తెలిసినవాళ్ళు ఎదురైతే మన నోటికి ముందు వచ్చేది "భోజనాలయ్యాయా?" లేకపోతే "ఎక్కడికి ప్రయాణం?" అన్నది. రెండూ అవతలి మనిషి సొంత విషయాలు. ఊళ్ళో ఎవరు ఎవరో తెలిసినచోట అలా అడగడం చనువు, అడగకపోతే వెలితి. రైల్లో పక్క సీటు మనిషినో, బ్యాంకు వరుసలో ముందున్న మనిషినో అలా అడగలేం కదా. అక్కడ ఉక్క అక్కరకు వస్తుంది. అది ఇద్దరికీ సమానంగా పోస్తోంది, ఎవరి కులగోత్రాలూ అడగదు. విశాఖ రేవు ఊరు, రైల్వే ఊరు, ఉక్కు కర్మాగారం వచ్చాక నలుమూలల మనుషుల ఊరు. ఇక్కడ ఉక్క మొదటి మాట కావడానికి సముద్రం ఎంత కారణమో, ఊరి నిండా కొత్త ముఖాలు ఉండటం అంతే కారణమని నా అభిప్రాయం.

ఓడల మీద నాన్న మొదటి మాట ఒక్కటే అయినా, రెండో మాట ఓడను బట్టి మారేది. అదే ఆయన నైపుణ్యం.

ఫిలిప్పీన్స్ నావికుల దగ్గర ఆయన ఉక్కను ఎక్కువసేపు లాగేవారు కాదు. వాళ్ళదీ మన పద్ధతే. వాళ్ళ భాషలో "కుమాయిన్ క న?" అంటారు, తిన్నావా అని. వాళ్ళు అలా అడిగితే నాన్న తిన్నానని చెప్పేవారు, వాళ్ళు వినకుండా ప్లేటు పెట్టేవాళ్ళు. అక్కడ వాతావరణం గురించి మాట్లాడుతూ కూర్చుంటే ఇంకా పరాయివాడిగానే ఉన్నట్టు.

ఇంగ్లిషు కెప్టెన్లతో పద్ధతి వేరు. మా అరుగు మీద ఒకరి మీద ఒకరు మాట పెంచాలి. అక్కడ తగ్గించాలి. చొక్కా మొత్తం ఒంటికి అంటుకుపోయి, ముఖం ఎర్రగా కందిపోయిన కెప్టెన్, "కొంచెం వెచ్చగా ఉంది, కదూ" అంటాడు. దానికి మనవాళ్ళలా "కొంచెమా! ప్రాణం పోతోంది" అంటే ఆయన మనల్ని గట్టిగా మాట్లాడే మనిషి అనుకుంటాడు. కాదు, వెచ్చగా లేదు అంటే ఇంకా మోటు. ఆయన కొలత ఎంతుందో అంతే ఉంచి, "అవును, కొంచెం" అనాలి. ఆ తర్వాత కావాలంటే, "సాయంత్రానికి గాలి తిరగవచ్చు" అని ఒక ఆశ జోడించవచ్చు. ఈ అలవాటు వాళ్ళకు కొత్తగా వచ్చింది కాదు. ఇద్దరు ఇంగ్లిషువాళ్ళు కలిస్తే మొదటి మాట వాతావరణం గురించేనని, ఇద్దరికీ ముందే తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకోవడానికి తొందరపడతారని శామ్యూల్ జాన్సన్ 1758లోనే వాళ్ళను దెప్పిపొడిచాడు. వాళ్ళ ద్వీపంలో ఆకాశం పూటకో తీరుగా ఉంటుంది కాబట్టి వాళ్ళకు మాట్లాడటానికి సరుకు ఉంది. మాకు మార్చి నుంచి అక్టోబరు దాకా ఒకటే ఉక్క. మార్పు లేనిదాని గురించి ప్రతిరోజూ కొత్తగా మాట్లాడగలగడం మా ఊరి గొప్ప అని నాన్న అనేవారు.

నాన్నకు అందరికన్నా ఇష్టమైనవాళ్ళు జపానువాళ్ళు. బైలడిల్లా కొండల నుంచి కిరండూల్ రైలు మార్గం మీద ఇనుప ఖనిజం విశాఖకు వచ్చేది, ఇక్కడి నుంచి జపానుకు వెళ్ళేది. పెద్ద ఓడలు ఆగడానికి 1976లో ఔటర్ హార్బర్ సిద్ధమయ్యాక ఆ రాకపోకలు ఇంకా పెరిగాయి. జపాను కెప్టెన్ ఎదురవగానే నాన్న వంగి నమస్కరించి, "ముషి అత్సుయ్ దెసు నే" అనేవారు. ఉక్కగా ఉంది కదండీ అని. ఆయనకు వచ్చిన జపాను భాషలో సగం అదే. కెప్టెన్ వెంటనే తల ఊపి, "సో దెసు నే" అనేవాడు, అవును కదండీ అని. ఇక్కడ పెంచడం లేదు, తగ్గించడం లేదు. ఒకరు అన్నది రెండోవారు అదే ఎత్తులో తిరిగి అప్పగించాలి. నాన్న మళ్ళీ తల ఊపేవారు, ఆయనా ఊపేవాడు. చూసేవాళ్ళకు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ తర్వాత సంతకాలు ఎంత వేగంగా పడేవో!

జపానులో వేసవికి వర్షాకాలం ముందు వస్తుంది. జూన్‌లో మొదలై జులై మధ్య దాకా ముసురు, ఆ వెంటనే తేమతో నిండిన ఎండలు. అంటే ఉక్క సంగతి వాళ్ళకు ఒకరు చెప్పనవసరం లేదు. ఆ విషయం నాన్నకు ఒక పోస్టుకార్డు ద్వారా తెలిసింది. మా రేవుకు తరచుగా వచ్చే ఒక కెప్టెన్, సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు, నీలం రంగు పూల బొమ్మ ఉన్న కార్డు పంపాడు. ఈ వేడికి మీ ఆరోగ్యం ఎలా ఉంది, జాగ్రత్తగా ఉండండి అని ఇంగ్లిషులో రెండు వాక్యాలు. ఇంకేమీ లేదు. ఏదో పని మీద రాసి ఆ పని సంగతి మరిచిపోయాడేమో అని నాన్న కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత వచ్చిన ఇంకో జపాను అధికారి వివరించాడు. అది తమ దేశంలో నడివేసవిలో బంధువులకు, స్నేహితులకు, వృత్తిలో మేలు చేసినవాళ్ళకు పంపే కార్డు, పేరు షోచూ మిమాయ్ అన్నాడు. ఎండ ఎలా ఉందని పరామర్శించడమే దానికి పని. పంచాంగం ప్రకారం శరత్తు మొదలయ్యే రోజు ఒకటి ఉంటుంది, ఆగస్టు 7 లేదా 8. ఆ లోపల పంపితేనే ఈ పేరు. ఆ తర్వాత పంపితే కార్డు పేరే మారి జన్‌షో మిమాయ్ అవుతుంది, మిగిలిన ఎండకు పరామర్శ. బయట ఎండ అప్పుడే తీవ్రంగా ఉన్నా సరే, పంచాంగం శరత్తు అంది కాబట్టి ఇక అది మిగులు ఎండే.

ఇది విని అమ్మ చాలా సంతోషించింది. మృగశిర కార్తె ప్రవేశించిందంటే వాన చినుకు పడకపోయినా ఆమెకు చల్లబడినట్టే. "చూశారా, వాళ్ళూ మనలాగే పంచాంగం చూసే చెమట తుడుచుకుంటారు" అంది. నాన్న కార్డుకు జవాబు రాశారు. జులైలో మా దగ్గర వానలు మొదలయ్యాయి, అయినా ఉక్క తగ్గలేదు, మీ దయవల్ల కులాసా అని. ఆ తర్వాత కొన్ని వేసవుల పాటు ఆ కార్డు వచ్చింది. వాటిలో ఎప్పుడూ సమాచారం అనదగినది ఏదీ లేదు.

సమాచారం లేని ఈ మాటలకు పండితులు కూడా ఒక పేరు పెట్టారు. మలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో మనుషుల మధ్య ఉండి వచ్చి, 1923లో ప్రచురించిన ఒక వ్యాసంలో దీన్ని ఫాటిక్ కమ్యూనియన్ అన్నాడు. విషయం చెప్పడానికి కాకుండా, మన మధ్య మౌనం లేదని చెప్పుకోవడానికి ఆడే మాటలు. కొత్త మనిషి నోరు విప్పకుండా ఎదురుగా నిలబడితే భయం వేస్తుంది. వాతావరణం గురించి ఒక మాట అంటే ఆ భయం విరుగుతుంది. ఆయన చెప్పింది నిజమే. కాకపోతే రేవులో పనిచేసినవాడిగా నాకు ఒక సవరణ ఉంది. వాతావరణం గురించిన మాట ప్రతిసారీ ఖాళీ మాటే అని అనలేం. ఉక్క గురించిన మాట ఖాళీది, వాన గురించిన మాటలో డబ్బు ఉంటుంది.

దీన్ని ఒక మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. యూరియా దించుతున్న ఓడ. యూరియా తడిస్తే పాడవుతుంది కాబట్టి చినుకు పడగానే ఓడలోని గోదాముల మూతలు మూసేయాలి. ఓడ అద్దె ఒప్పందంలో, సరుకు దించడానికి ఇన్ని రోజులని గడువు ఉంటుంది. ఆ రోజులు పనికి వాతావరణం అనుకూలించే రోజులే అని కూడా సాధారణంగా రాసి ఉంటుంది. అంటే వాన పడిన సమయం గడువులో లెక్కకు రాదు. గడువు దాటితే సరుకు తెప్పించుకున్నవాళ్ళ పక్షం ఓడ యజమానికి డెమరేజి కట్టాలి. కాబట్టి వాన ఎక్కువసేపు పడినట్టు రాయడం సరుకువాళ్ళకు లాభం, తక్కువసేపు రాయడం కెప్టెన్‌కు లాభం.

ఆ రోజు సరుకువాళ్ళ సూపర్‌వైజరు డెక్కు మీద నిలబడి, "మబ్బు పట్టింది కెప్టెన్, పెద్ద వాన వచ్చేలా ఉంది" అన్నాడు. చూస్తే మా పక్కింటావిడ వేసే మొదటి మెట్టులాగే ఉంది. కెప్టెన్ ఆకాశం వైపు కూడా చూడలేదు. "నాకైతే అలా కనిపించడం లేదు" అన్నాడు. మెట్టు అక్కడే విరిగింది. కానీ అది అమర్యాద కాదు, లెక్క. 2 గంటల 10 నిమిషాలకు వాన పడింది, మూతలు మూశారు. 3 గంటల 40 నిమిషాలకు ఆగింది. మూతల మీది నీళ్ళు తుడిచి, తెరిచి, కూలీలు మళ్ళీ పనిలోకి దిగేసరికి 4 గంటల 15 నిమిషాలు. నష్టపోయిన సమయం 2 గంటల 5 నిమిషాలు అంటాడు సూపర్‌వైజరు. వాన పడింది గంటన్నరే, మిగతాది మీ కూలీల నిదానం అంటాడు కెప్టెన్. తేడా 35 నిమిషాలు. డెమరేజి రోజుకు 6,000 డాలర్లు అనుకుంటే, ఆ 35 నిమిషాల విలువ 146 డాలర్ల దాకా ఉంటుంది. ఓడ ఉన్నన్నాళ్ళూ ఇలాంటి వానలు కొన్ని పడితే చిన్న మొత్తం కాదు.

నాన్న ఇద్దరిలో ఎవరి పక్షమూ వహించలేదు. జరిగిన సంగతుల పట్టికలో నాలుగు సమయాలు వేరువేరుగా రాశారు: వాన మొదలు, మూతలు మూయడం, వాన ఆగడం, పని మళ్ళీ మొదలు. ఎంత లెక్కించాలో అన్నది రాయలేదు. అది తర్వాత ఒప్పందం చదివి తేల్చుకునేవాళ్ళ పని. ఇద్దరూ సంతకం పెట్టారు. దిగేటప్పుడు నిచ్చెన మీద నాతో, "ఓడ మీద ఉక్క గురించి ఎంతసేపైనా మాట్లాడు. వాన గురించి మాత్రం గడియారం చూసి మాట్లాడు" అన్నారు.

ఆ తర్వాత గమనిస్తే, ఉక్క కూడా పూర్తిగా అమాయకమైనది కాదని తెలిసింది. యూరియాకు ఉప్పు కన్నా దాహం ఎక్కువ. మా ఊరి వేడిలో గాలి తేమ 70 శాతం దాటి కొంచెం పైకి పోతే చాలు, నీటిని పీల్చుకుని గడ్డకట్టడం మొదలుపెడుతుంది. గడ్డకట్టిన యూరియా గురించి ఎవరైనా ఫిర్యాదు చేసే అవకాశం ఉన్న ఓడ మీద, "ఈ రోజు చాలా ఉక్కగా ఉంది" అని అంటే, కెప్టెన్ లాగ్‌బుక్కు తెరిచి రెండు థర్మామీటర్ల అంకెలు చదివి వినిపించేవాడు. అలాంటి ఓడల్లో నాన్న క్రికెట్టుతో మొదలుపెట్టేవారు.

ఊళ్ళో కూడా వాతావరణం నిజంగా విషయమైపోయినప్పుడు అది పలకరింపుగా పనికిరాదు. అక్టోబరు, నవంబరుల్లో సముద్రంలో వాయుగుండం పట్టిందంటే, రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగురవేశారట అన్న మాట సందు సందునా తిరిగేది. ఒకటో నంబరు అంటే వాయుగుండం ఇంకా దూరాన ఉందని అర్థం. అంతవరకు అది కబురే, అరుగు మీద దాన్ని తిరగేసి బోర్లేసేవాళ్ళం. నంబరు పెరిగేకొద్దీ మాటలు తగ్గేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మా ఊరి మీదకే వచ్చింది. మర్నాడు బయటికొచ్చిన ఏ ఒక్కరూ "ఏం గాలండీ" అనలేదు. చెట్లు లేక ఊరు గుర్తుపట్టరానట్టుంది. "మీకు కరెంటు వచ్చిందా?" అన్నది ఆ తర్వాత చాలా రోజుల పాటు విశాఖవాసుల మొదటి పలకరింపు. రాలేదు అన్నవాళ్ళకు వెంటనే తోడు దొరికేది. వచ్చింది అని చెప్పాల్సి వచ్చినవాళ్ళు కొంచెం గొంతు తగ్గించేవాళ్ళు.

ఇప్పుడు మేము ఎంవీపీ కాలనీలో అపార్టుమెంటులో ఉంటున్నాం. అరుగులు లేవు, లిఫ్టు ఉంది. లిఫ్టులో దొరికే సమయం నాలుగు మెట్ల సంభాషణకు సరిపోదు. మొదటి మెట్టు వేసేసరికి మూడో అంతస్తు వస్తుంది. పైగా ఏసీ గదిలోంచి ఏసీ కారులోకి వెళ్ళే కుర్రవాళ్ళకు, "ఏమిటి బాబూ ఈ ఉక్క" అంటే, ఉందా అన్నట్టు చూస్తారు. అది వాళ్ళ తప్పు కాదు. పంచుకోవడానికి వాళ్ళ దగ్గర చెమట లేదు.

పై అంతస్తులో ఒక రిటైర్డు లెక్చరరు గారు ఉన్నారు. ఆయనకు ఫోనులో తేమ శాతం చూసుకోవడం అలవాటు. మే నెలలో నేను, "ఏం ఉక్కండీ మాస్టారూ" అంటే, ఫోను తీసి, "70 శాతం" అన్నారు. మా మామయ్య గుర్తొచ్చినా ఊరుకున్నాను. జనవరిలో ఒక పొద్దున్న ఇద్దరం నడకకు బయలుదేరాం. ఆయన మెడకు మఫ్లరు చుట్టుకుని ఉన్నారు. లిఫ్టు తలుపు మూసుకోగానే ఫోను నా ముఖం ముందు పెట్టి, "చూడండి, ఇవాళ 80! మే నెల కన్నా ఎక్కువ!" అన్నారు, ఉక్క లేనందుకు ఎవరో ఆయన్ను మోసం చేసినట్టు.

శాతం అంటే ఆ వేడికి గాలి మోయగలిగినదాంట్లో ఎంత మోస్తోంది అన్న లెక్క మాత్రమేనని, వేడి గాలి చాలా ఎక్కువ మోయగలదని, 20 డిగ్రీల దగ్గర 80 శాతం అంటే 34 డిగ్రీల దగ్గర 70 శాతంలో ఉన్న ఆవిరిలో సగమే ఉంటుందని చెప్పాను. అందుకే మన చెమట ఇప్పుడు ఆరిపోతుంది, అప్పుడు ఆరలేదు అన్నాను. ఆయన మఫ్లరు సర్దుకుంటూ ఆలోచించారు.

"అయితే ఇప్పుడు ఉక్కగా ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే మాస్టారూ."

"మరి మనం ఏం మాట్లాడుకోవాలి?" అన్నారు. ఈలోగా కింది అంతస్తు వచ్చేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ చలిమంట కాచుకుంటూ కనిపించాడు. మాస్టారు నాకన్నా ముందు నడిచి, "ఏం చలిరా బాబూ ఇవాళ!" అని మొదలుపెట్టారు.